ఫ్రాంచైజీ అగ్రిమెంట్‌లో 6 శాతం అంటే నిజంగా ఎంత?

ఫ్రాంచైజీ తీసుకోవాలనుకునేవాళ్లు నాకు అగ్రిమెంట్ పంపినప్పుడు, చాలాసార్లు దాంతోపాటు తాము రాసుకున్న ఒక చిన్న పట్టిక కూడా పంపుతారు. ఎంట్రీ ఫీజు ఇంత, రాయల్టీ 6 శాతం, టెరిటరీ 3 కిలోమీటర్లు, కాలం 5 ఏళ్లు, రెన్యువల్ ఉంది, టర్మినేషన్‌కి 30 రోజుల నోటీసు. అగ్రిమెంట్ 60 పేజీలుంటే పట్టిక అర పేజీ ఉంటుంది. అందులో రాసిన ప్రతి ముక్కా అగ్రిమెంట్‌లో ఉన్నదే. అయినా దాన్ని చూసి డబ్బు పెట్టొద్దని గట్టిగా చెబుతాను. ఫీజు, టెరిటరీ, రాయల్టీ, రెన్యువల్, టర్మినేషన్ అనే ఈ ఐదూ దేనికది విడిగా పనిచేసే అంశాలు కావు. ఒకదాని విలువను ఇంకొకటి మార్చేస్తుంది. అంకెలు మాత్రమే ఏరుకుంటే ఆ లంకెలు అగ్రిమెంట్‌లోనే ఉండిపోతాయి. తర్వాత నష్టం వచ్చేది ఎక్కువగా అక్కడి నుంచే.

ఇది చెప్పడానికి ఒక అగ్రిమెంట్ తీసుకుంటాను. ఫుడ్ బ్రాండ్‌ది. బ్రాండ్ ఏదో తెలియకుండా అంకెలు, తేదీలు మార్చాను గానీ నిబంధనలు ఇలాంటి అగ్రిమెంట్లలో మామూలుగా కనిపించేవే.

రాయల్టీ క్లాజులో ఉన్నది ఒకే వాక్యం: నెలవారీ గ్రాస్ సేల్స్ మీద 6 శాతం. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నిజానికి చూడాల్సింది 6 అనే అంకెను కాదు, గ్రాస్ సేల్స్ అనే మాటను. ఆ రెండు మాటలూ పెద్ద అక్షరంతో మొదలయ్యాయంటే వాటికి అగ్రిమెంట్‌లోనే ఎక్కడో ఒక నిర్వచనం ఉందని అర్థం. ఈ అగ్రిమెంట్‌లో అది మొదటి అధ్యాయంలో ఉంది. దుకాణంలోగానీ, డెలివరీ యాప్‌ల ద్వారాగానీ, ఇంకే దారిలోగానీ అమ్మిన ప్రతిదాని పూర్తి ధర గ్రాస్ సేల్స్ కిందికి వస్తుంది. ప్రభుత్వానికి కట్టే అమ్మకపు పన్ను మాత్రం తీసేస్తారు. యాప్‌లు పట్టుకునే కమిషన్ తీసేయరు. డిస్కౌంట్లు, కూపన్లు కూడా తీసేయరు, ఆ ఆఫర్ కంపెనీయే ప్రకటించినా సరే.

ఇప్పుడు లెక్క వేద్దాం. నెలకు పూర్తి ధర ప్రకారం 10 లక్షల అమ్మకం జరిగిందనుకోండి. అందులో 6 లక్షలు కౌంటర్ దగ్గర, 4 లక్షలు యాప్‌ల ద్వారా. యాప్ కమిషన్ 25 శాతం అయితే లక్ష పోయింది. డిస్కౌంట్ల కింద ఇంకో 50 వేలు పోయాయి. చేతికి వచ్చింది 8 లక్షల 50 వేలు. రాయల్టీ మాత్రం 10 లక్షల మీద లెక్కేస్తారు కాబట్టి 60 వేలు. చేతికొచ్చిన డబ్బుతో పోలిస్తే ఇది 6 కాదు, 7 శాతం పైమాటే. దీనికి మార్కెటింగ్ ఫండ్ 2 శాతం, అంటే 20 వేలు, అదే గ్రాస్ సేల్స్ మీద కలుస్తుంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కోసం నెలకు 12 వేలు ఉంది. అది ఫీజుల అధ్యాయంలో లేదు, చివర్లో షెడ్యూల్‌లో ఉంది. మొత్తం 92 వేలు. చేతికొచ్చినదాంట్లో 10.8 శాతం. సరుకు, జీతాలు, అద్దె ఇంకా మొదలే కాలేదు.

ఈ లెక్క వేయకుండా పట్టికలో రాయల్టీ 6 శాతం అని రాయడం తప్పేమీ కాదు గానీ, నిర్ణయం తీసుకోవడానికి అది పనికిరాదు. అందుకే రాయల్టీ గడిలో నేను శాతం ఒక్కటే రాయను. శాతం దేని మీద, ఏవి తీసేస్తారు, ఏవి తీసేయరు, ఎప్పుడు కట్టాలి, కంపెనీయే నేరుగా బ్యాంకు ఖాతా నుంచి లాగేసుకునే అధికారం ఉందా, అన్నీ రాస్తాను. ప్రతిదాని పక్కనా క్లాజు నంబరు ఉండాల్సిందే. నంబరు లేని అంశం జ్ఞాపకం మీద రాసిందో, కంపెనీ మనిషి నోటితో చెప్పిందో అయి ఉంటుంది. అగ్రిమెంట్ చివర ఎంటైర్ అగ్రిమెంట్ అని ఒక క్లాజు ఉంటుంది. ఈ కాగితాల్లో లేని మాటలేవీ ఒప్పందంలో భాగం కావని అది చెబుతుంది. ఫోన్‌లో ఇచ్చిన హామీలు, ప్రెజెంటేషన్‌లో చూపించిన లాభాలు అన్నీ సాధారణంగా ఆ ఒక్క క్లాజుతో పక్కకు పోతాయి.

రాయల్టీ దగ్గరే ఇంకో క్లాజు ఉంది. ఏడో నెల నుంచి కనీస రాయల్టీ నెలకు 50 వేలు. కనీస రాయల్టీ అంటే అమ్మకం ఎంత పడిపోయినా కట్టక తప్పని మొత్తం. 6 శాతం చొప్పున 50 వేలు రావాలంటే అమ్మకం 8 లక్షల 33 వేలుండాలి. అంతకంటే తక్కువ అమ్మిన నెలలో రాయల్టీ 6 శాతం కన్నా ఎక్కువ పడుతుంది. 6 లక్షలే అమ్మితే అది 8.3 శాతం. పైగా ఈ కనీస మొత్తం ఏటా 5 శాతం పెరుగుతుందని తర్వాతి వాక్యంలో ఉంది. అయిదో ఏడాదికి అది 60 వేలు దాటుతుంది, సరిగ్గా చెప్పాలంటే 60,775. అంటే ఆ ఏడాది నెలకు 10 లక్షలు అమ్మే దుకాణం కూడా, ఈరోజు బాగా నడుస్తోంది అనుకునే దుకాణమే, కనీస రాయల్టీ కిందికి వచ్చేస్తుంది. అమ్మకాలు ఏటా పెరుగుతాయన్న నమ్మకం మీద ఈ క్లాజు నిలబడి ఉంది. పెరగకపోతే ఆ భారం ఒక్కరి మీదే పడుతుంది.

అమ్మకాలు పెరుగుతాయా లేదా అన్నది చాలావరకు టెరిటరీ మీద ఆధారపడుతుంది. కాబట్టి రాయల్టీ అయ్యాక నేరుగా అక్కడికే వెళ్లాలి. ఈ అగ్రిమెంట్ దుకాణం చుట్టూ 3 కిలోమీటర్ల వ్యాసార్థం ఇచ్చింది. చదవగానే ఆ 3 కిలోమీటర్లలో బ్రాండ్ మనదే అనిపిస్తుంది. క్లాజులో ఉన్న హామీ అంత పెద్దది కాదు. ఆ పరిధిలో ఇదే పేరుతో ఇంకో దుకాణం కంపెనీ తెరవదు, ఇంకొకరితో తెరిపించదు. అంతే. దాని కిందే రిజర్వ్‌డ్ రైట్స్ అని ఒక పేరా ఉంది. రైల్వే స్టేషన్లు, విమానాశ్రయాలు, ఆసుపత్రులు, విద్యాసంస్థల్లో కంపెనీ అవుట్‌లెట్లు పెట్టుకోవచ్చు. ప్యాక్ చేసిన సరుకును సూపర్ మార్కెట్లలో అమ్ముకోవచ్చు. ఇదే రకం తిండిని వేరే బ్రాండ్ పేరుతో అమ్మవచ్చు. కూర్చుని తినే చోటు లేని డెలివరీ కిచెన్ నుంచి ఆ ప్రాంతానికే ఆర్డర్లు పంపవచ్చు. అమ్మకాల్లో 40 శాతం యాప్‌ల నుంచే వచ్చే వ్యాపారంలో, డెలివరీని బయటపెట్టిన టెరిటరీ ఎంతవరకు రక్షణ ఇస్తుంది? అందుకని టెరిటరీ గడిలో కిలోమీటర్ల కంటే ముందు ఎవరెవరి నుంచి రక్షణ ఉంది, ఎవరి నుంచి లేదు అన్నది రాయాలి. ఆ తర్వాతే దూరం. అది కూడా గాలిలో గీసిన గీతా, రోడ్డు మీద కొలిచిందా, లేక మ్యాప్ జతచేశారా? మ్యాప్ జతచేశామని రాసి జతచేయని అగ్రిమెంట్లు నేను చూశాను.

ఆ పేరాలోనే చివరి వాక్యం నన్ను ఎక్కువసేపు ఆపింది. వరసగా రెండు త్రైమాసికాలు కనీస పనితీరు చూపకపోతే టెరిటరీని తగ్గించే లేదా రద్దుచేసే హక్కు కంపెనీకి ఉంటుందట. కనీస పనితీరు ఎంత అంటే ఆపరేషన్స్ మాన్యువల్‌లో చూడమంది. మాన్యువల్ సంతకం పెట్టాకే చేతికి ఇస్తారు. పైగా దాన్ని కంపెనీ ఎప్పటికప్పుడు మార్చుకోవచ్చని ఇంకో క్లాజు చెబుతోంది. టెరిటరీ తగ్గితే కనీస రాయల్టీ కూడా తగ్గుతుందా అని అగ్రిమెంట్ మొత్తం వెతికాను. అలాంటి మాట ఎక్కడా లేదు. ఈ రెండు క్లాజులూ వేర్వేరు పేజీల్లో ఉన్నాయి. విడివిడిగా చదివితే రెండూ మామూలు నిబంధనల్లాగే ఉంటాయి. పక్కపక్కన పెట్టి చదివితే, అమ్మకాలు తగ్గిన దుకాణానికి అమ్ముకునే చోటు తగ్గుతుంది, కట్టాల్సింది మాత్రం తగ్గదు.

అందుకే అగ్రిమెంట్ నుంచి విషయాలు తీసేటప్పుడు ప్రతి అంశానికీ నాలుగు ముక్కలు రాసుకోవాలని నా వాదన. మొదటిది, క్లాజు నంబరుతో సహా అసలు వాక్యం. మన సొంత మాటల్లో కాదు, అక్కడున్నది ఉన్నట్టు. రెండోది, ఆ వాక్యంలోని నిర్వచించిన పదాలు, వాటి నిర్వచనాలు. మూడోది, దీన్ని ఎవరు, ఏ కాగితంతో మార్చగలరు. నాలుగోది, ఇంకే క్లాజు దీన్ని తాకుతుంది. ఈ నాలుగో ముక్క అన్నిటికన్నా ఎక్కువ సమయం తింటుంది, ఉపయోగమూ దానిదే ఎక్కువ. దానికోసం కొన్ని మాటలను ఫైల్‌లో వెతకడం నా అలవాటు. సబ్జెక్ట్ టు, నాట్‌విత్‌స్టాండింగ్, ప్రొవైడెడ్ దట్, సోల్ డిస్క్రిషన్, దెన్ కరెంట్, ఫ్రమ్ టైమ్ టు టైమ్. ఇవి కనిపించినచోట ముందు ఇచ్చిన హామీ తగ్గుతోందో, ఇంకెక్కడికో వెళ్లి చూడమంటోందో, రేపు మారవచ్చంటోందో అయి ఉంటుంది. స్కాన్ చేసి పంపిన ఫైల్ అయితే వెతుకులాట పనిచేయకపోవచ్చు, అప్పుడు వేలు పెట్టి చదవాల్సిందే.

వెతికినా దొరకని విషయాన్ని కూడా రాయాలి. టెరిటరీ తగ్గితే కనీస రాయల్టీ ఏమవుతుందో అగ్రిమెంట్ చెప్పలేదు, ఫలానా క్లాజులు, షెడ్యూళ్లు చూశాను, అని స్పష్టంగా. గడి ఖాళీగా వదిలేస్తే చదివేవాళ్లు సమస్య లేదనుకుంటారు. ఇంకా ప్రమాదం ఏమిటంటే, ఇలాంటి అగ్రిమెంట్లలో సాధారణంగా ఉండేదాన్ని బట్టి ఆ గడిని ఊహతో నింపేయడం.

అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ప్రకారం కంపెనీ సంతకానికి కనీసం 14 రోజుల ముందు 23 అంశాలతో ఒక డిస్‌క్లోజర్ పత్రం ఇవ్వాలి. అందులో 5, 6 అంశాలు ఫీజులవి, 12వది టెరిటరీది. 17వ అంశంలో రెన్యువల్, టర్మినేషన్, బదిలీ, వివాదాల గురించి ఒక పట్టిక ఉంటుంది. ఆ పట్టికలో నిబంధన పేరుకూ సారాంశానికీ మధ్యన, అది అగ్రిమెంట్‌లో ఏ సెక్షన్‌లో ఉందో చెప్పే గడి ఉంటుంది. ఆ నిబంధనలను అసలు అగ్రిమెంట్‌లోనే చదువుకోమని పట్టిక పైనే రాయాలి కూడా. టెరిటరీ ప్రత్యేకంగా ఇవ్వకపోతే, మీకు ప్రత్యేక టెరిటరీ ఉండదు, మా సొంత అవుట్‌లెట్ల నుంచీ ఇతర అమ్మకపు దారుల నుంచీ పోటీ రావచ్చు అని 12వ అంశంలో సూటిగా చెప్పాలి. ఇలాంటి పత్రం తప్పనిసరి కాని చోట ఆ పనిని ఫ్రాంచైజీ తీసుకునేవాళ్లే చేసుకోవాలి. పత్రం ఇచ్చే దేశాల్లో కూడా సంతకం పెట్టేది అగ్రిమెంట్ మీదే కాబట్టి ఆఖరి మాట దానిదే.

ఇక రెన్యువల్. ఇక్కడ రెన్యువల్ ఉందా లేదా అన్న ప్రశ్న దాదాపు అర్థం లేనిది. దాదాపు ప్రతి అగ్రిమెంట్‌లోనూ ఉంటుంది. ఏ షరతులు నెరవేరితే, ఏ ధరకు, ఏ నిబంధనల మీద అన్నదే విషయం. ఈ అగ్రిమెంట్ 5 ఏళ్లది, మరో 5 ఏళ్లకు ఒకసారి రెన్యూ చేసుకోవచ్చు. కానీ కాలం మొదలయ్యేది సంతకం రోజు నుంచి, దుకాణం తెరిచిన రోజు నుంచి కాదు. చోటు చూసుకుని, అనుమతులు తెచ్చుకుని, లోపలి పని పూర్తిచేసేసరికి 6 నెలలు పట్టిందంటే వ్యాపారం చేసేది నాలుగున్నరేళ్లే. పెట్టుబడి తిరిగి రావడానికి 5 ఏళ్లని లెక్క వేసుకున్నవాళ్లు ఆ లెక్కను ఇక్కడే మార్చుకోవాలి.

రెన్యువల్ అడగడానికి ఒక కిటికీ ఉంది. కాలం ముగియడానికి 12 నెలలకంటే ముందు అడగకూడదు, 9 నెలలకంటే ఆలస్యం చేయకూడదు. 2025 ఏప్రిల్ 1న సంతకం పెడితే అగ్రిమెంట్ 2030 మార్చి 31న ముగుస్తుంది. అంటే నోటీసు 2029 ఏప్రిల్, మే, జూన్ నెలల్లోనే ఇవ్వాలి. జూలైలో ఇస్తే చెల్లదు. పట్టికలో 9 నెలల ముందు నోటీసు అని రాయడం కన్నా ఈ తేదీలు రాయడం మేలు. నోటీసు ఎలా పంపాలో, ఈమెయిల్ చాలుతుందో లేదో నోటీసుల క్లాజులో ఉంటుంది, అది కూడా ఆ గడిలోకే రావాలి.

షరతుల్లో మూడు ముఖ్యమైనవి. అప్పటికి కంపెనీ వాడుతున్న కొత్త అగ్రిమెంట్ మీద సంతకం పెట్టాలి. అందులో రాయల్టీ 8 శాతం ఉన్నా, టెరిటరీ అసలు లేకపోయినా సరే. దెన్ కరెంట్ ఫారమ్ అన్న మాట చేసే పని ఇదే. కాబట్టి రెన్యువల్ తర్వాతి రాయల్టీ గడిలో 6 శాతం అని రాయకూడదు, ఇప్పుడు తెలియదు అని రాయాలి. రెండోది, దుకాణాన్ని అప్పటి డిజైన్‌కు తగ్గట్టు మార్చాలి. దానికి ఖర్చు పరిమితి లేదు. మూడోది చాలామంది కంటికి కనిపించనిది. కాలం మొత్తంలో మూడుకు మించి డీఫాల్ట్ నోటీసులు అందుకుని ఉండకూడదు. ఆ నోటీసుల్లో చెప్పిన లోపాన్ని సరిచేసినా లెక్కలోకి వస్తుంది.

ఈ మూడో షరతు మనల్ని టర్మినేషన్‌కు తీసుకెళ్తుంది. పట్టికలో 30 రోజుల నోటీసు అని ఉంది కదా. అది మామూలు లోపాలను సరిదిద్దుకోవడానికి ఇచ్చిన గడువు. డబ్బు బకాయికి గడువు 10 రోజులే. కొన్నిటికి గడువే లేదు: అమ్మకాలు తక్కువ చేసి చూపడం, దివాలా, వరసగా 3 రోజులు దుకాణం మూసేయడం. వాటితోపాటు 12 నెలల్లో మూడు నోటీసులు రావడం కూడా ఉంది, ఆ లోపాలు సరిచేసినా చేయకపోయినా. మాన్యువల్‌లోని ఏ నియమం తప్పినా నోటీసు ఇవ్వవచ్చు. మాన్యువల్ కంపెనీ చేతిలో ఉంది. కాబట్టి నోటీసులు ఎన్ని వస్తాయన్నది చాలావరకు కంపెనీ స్వభావాన్ని బట్టి ఉంటుంది. అది అగ్రిమెంట్ చదివితే తెలియదు. ఇప్పుడు నడుపుతున్నవాళ్లను, ముఖ్యంగా వదిలి వెళ్లిపోయినవాళ్లను కలిసి, మీకు నోటీసులు ఎప్పుడెప్పుడు, దేనికి వచ్చాయి అని అడగాలి. క్రాస్ డీఫాల్ట్ కూడా చూడాలి. ఇక్కడ సరుకు సరఫరాకు వేరే ఒప్పందం ఉంది, అందులో బకాయి పడినా ఈ అగ్రిమెంట్ రద్దు కావచ్చు.

రద్దు అయ్యాక ఏం జరుగుతుందన్నది నేను విడిగా ఒక పేజీ రాస్తాను. బోర్డు తీసేయడం, ఫోన్ నంబరు అప్పగించడం లాంటివి చిన్నవి. పెద్దది డబ్బు. ఫ్రాంచైజీ తీసుకున్నవాళ్ల తప్పు వల్ల రద్దయితే, గత 12 నెలల సగటు రాయల్టీని మిగిలిన నెలల సంఖ్యతో హెచ్చవేసి కట్టాలి, గరిష్ఠంగా 24 నెలలు. నెలకు 60 వేల చొప్పున అది 14 లక్షల 40 వేలు. నష్టాల్లో నడుస్తున్న దుకాణాన్ని ఇక మూసేద్దాం అని మూడు రోజులు షట్టర్ దించితే, అది వదిలేసినట్టు లెక్క, వెంటనే రద్దు, ఆ పరిహారం కట్టాలి. పైగా పర్సనల్ గ్యారంటీ ఉంది కాబట్టి తీసుకున్నవాళ్లు తమ సొంత కంపెనీ పేరుతో సంతకం పెట్టినా బకాయి ఇంటి దాకా వస్తుంది. దుకాణం అద్దె ఒప్పందాన్ని తన పేరుకు మార్చుకునే హక్కు బ్రాండ్ కంపెనీకి ఉంది. రెండేళ్లపాటు 10 కిలోమీటర్లలో ఇలాంటి వ్యాపారం చేయకూడదనీ ఉంది. ఈ పోటీ నిషేధం, ముందే నిర్ణయించిన ఈ పరిహారం కోర్టులో ఎంతవరకు నిలబడతాయన్నది ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది. దానికి ఆ చట్టం తెలిసిన లాయరు కావాలి. మన పని ఆ వాక్యాలను, అంకెలను ఆయన ముందు సరిగ్గా పెట్టడం వరకే.

ఇంత చదివాక నేను పట్టికను మొదట్నుంచి కాకుండా చివర్నుంచి నింపడం ఎందుకు మంచిదంటానో అర్థమవుతుంది. టర్మినేషన్ ముందు చదివితే ఏవేవి తప్పుల కింద లెక్కిస్తారో తెలుస్తుంది, అప్పుడు రెన్యువల్ షరతులు ఎంత గట్టివో తెలుస్తుంది, ఆ తర్వాత రాయల్టీ, టెరిటరీ అసలు బరువు బయటపడుతుంది. ఎంట్రీ ఫీజు అన్నిటికన్నా చివర. అది పెద్ద అంకె కాబట్టి అందరూ దాన్నే బేరమాడతారు. కానీ అది ఒక్కసారి కట్టేది, ఎంతో ముందే తెలిసేది. అది తిరిగి రాదా, చోటు దొరక్క దుకాణం తెరవలేకపోతే కొంతైనా ఇస్తారా అన్నది రాసుకుంటే చాలు.

ఈ అగ్రిమెంట్ తెచ్చినావిడ ఆ కాగితాల నుంచి నాలుగు ప్రశ్నలే తీసుకుని కంపెనీకి రాతపూర్వకంగా పంపారు. కాలం దుకాణం తెరిచిన రోజు నుంచి లెక్కించాలి. టెరిటరీ తగ్గిస్తే కనీస రాయల్టీ అదే నిష్పత్తిలో తగ్గాలి. గడువులోపు సరిచేసిన లోపాలకు ఇచ్చిన నోటీసులను రెన్యువల్‌కు లెక్కించకూడదు. డెలివరీ కిచెన్ నుంచి ఆమె పరిధిలోకి వెళ్లే ఆర్డర్లలో ఆమెకు వాటా ఇవ్వాలి. మొదటిదానికీ మూడోదానికీ కంపెనీ ఒప్పుకుంది. వాటిని ఈమెయిల్‌లో కాకుండా సవరణ పత్రంగా, క్లాజు నంబర్లతో అగ్రిమెంట్‌కు జతచేయించారు. రెండోదానికి ఒప్పుకోలేదు గానీ మొదటి రెండేళ్లు టెరిటరీ తగ్గించబోమని రాసిచ్చారు. నాలుగోది పూర్తిగా కాదన్నారు. ఆమె యాప్‌ల అమ్మకాన్ని 4 లక్షల నుంచి 2 లక్షలకు తగ్గించి లెక్క మళ్లీ వేశారు. కౌంటర్ అమ్మకం అలాగే ఉన్నా మొత్తం 8 లక్షలే, కనీస రాయల్టీ గీతకు కింద. ఆ అంకెతో అద్దె యజమాని దగ్గరికి వెళ్లి, అద్దె తగ్గితేనే సంతకం పెడతానని చెప్పారు.